నొప్పి గోలీలు వాడేవాళ్లకు విరేచనం నల్లగా అయితే

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్లలో చాలామంది మోకాళ్లు పట్టుకునే కూర్చున్నారు. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు ఇవి. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా, అప్పటికే ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ నడుమునూ మోకాళ్లనూ వదిలిపెట్టదు. దానికి తోడు పత్తి చేలలో వంగి పని. నొప్పి లేదని నేను ఎవరికీ చెప్పలేను. గోలి వేసుకోవద్దని ఊరికే చెప్పి వెళ్లిపోవడం కూడా న్యాయం కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రోజూ నొప్పి గోలి వేసుకునే మనిషికి దొడ్డికి నల్లగా వస్తే, ఆ రోజు ఏం చేయాలి?

ఒక కేసు చెప్తాను. ఊరు, పేరు చెప్పను. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చిన గోలి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున నాలుగు నెలలుగా వేసుకుంటోంది. కలుపు పని ఎక్కువైన వారంలో ఆర్‌ఎంపీ దగ్గర రెండు సూదులు కూడా వేయించుకుంది. ఒక సోమవారం దొడ్డికి నల్లగా వచ్చింది. వేడి చేసిందనుకుంది. మజ్జిగ తాగింది, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది. మంగళవారం మళ్లీ నల్లగానే వచ్చింది, ఈసారి జిగటగా, దుర్వాసనతో. కడుపు నొప్పి లేదు కాబట్టి భయపడలేదు. షాపుకు వెళ్తే గ్యాస్ గోలి ఇచ్చారు. మోకాళ్ల గోలి మాత్రం ఆపలేదు. బుధవారం తెల్లవారుజామున బాత్రూం నుంచి లేచి నాలుగు అడుగులు వేసిందో లేదో కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రికి వచ్చేసరికి నాడి నిమిషానికి 118, బీపీ 90/60, చేతులు చల్లబడ్డాయి.

సోమవారం పొద్దున ఆమెకు కనిపించినది రక్తమే. ఎర్రగా లేదు కాబట్టి రక్తమని తెలియలేదు. పొట్టలోనో, పొట్ట దాటగానే ఉండే చిన్నపేగు మొదటి భాగంలోనో పుండు పడి రక్తం కారితే, ఆ రక్తం మీద ఆమ్లం, పేగుల్లోని సూక్ష్మజీవులు పనిచేస్తాయి. కిందికి వచ్చేసరికి అది తారు లాగా నల్లగా, జిగటగా మారుతుంది. నీళ్లు పోసినా తొందరగా పోదు. దాని వాసన మామూలు దొడ్డి వాసన కాదు, ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. అర గ్లాసుకు లోపు రక్తం లోపల కారినా ఇంత నలుపు రావచ్చు. అందుకే మొదటి రోజు మనిషి బాగానే తిరుగుతూ ఉంటాడు.

నల్లగా వచ్చిందంతా రక్తం కాదు, అదీ చెప్పాలి. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ గోలీలు వేసుకుంటే దొడ్డికి నల్లగా లేదా ముదురు ఆకుపచ్చగా వస్తుంది. కానీ అది గట్టిగా, మామూలుగా ఉంటుంది, జిగట ఉండదు, ఆ ఘాటు వాసన ఉండదు. ఐరన్ గోలీలు, నొప్పి గోలీలు రెండూ వాడేవాళ్లు మాత్రం ‘ఇది ఐరన్ వల్లే’ అని తామే తేల్చుకోకూడదు. చూసి చెప్పాల్సింది డాక్టరు.

కడుపు నొప్పి లేకపోతే పుండు ఎట్లా ఉంటుందని చాలామంది అడుగుతారు. పొట్ట లోపలి పొరను దాని ఆమ్లం నుంచి కాపాడే జిగురును, ఆ పొరకు రక్త ప్రసారాన్ని నిలిపి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు మన ఒంట్లో ఉంటాయి. నొప్పిని, వాపును పెంచేవి కూడా అవే. గోలి వాటి తయారీని ఒళ్లంతా ఆపేస్తుంది. మోకాలు తేలికపడుతుంది, పొట్టకు కాపలా పోతుంది. పుండు పడ్డాక అది పెట్టాల్సిన నొప్పిని కూడా అదే గోలి కొంత కప్పేస్తుంది. వయసు పైబడినవాళ్లలో మొదటి గుర్తు రక్తమే కావడం తరచుగా చూస్తాం.

ఇదే కారణం వల్ల సూది కూడా క్షేమం కాదు. గోలి పొట్టను తాకి కాల్చుతుంది, సూది పొట్టలోకి వెళ్లదు కదా అనుకుంటారు. మందు రక్తంలో తిరిగి పని చేస్తుంది కాబట్టి సూదితోనైనా అదే ప్రమాదం. అన్నం తిన్నాక వేసుకుంటే మంట కాస్త తగ్గొచ్చు, కానీ పుండు పడకుండా ఆపదు. సూదిలో స్టెరాయిడ్ కలిపితే, లేదా గుండెకు ఆస్పిరిన్, రక్తం పల్చబడే మందు వాడుతూ ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఈమెకు వేసిన సూదుల్లో ఏముందో ఆమెకూ తెలియదు, వెంట వచ్చిన కొడుకుకూ తెలియదు. మాకు అది పెద్ద ఇబ్బంది. కాబట్టి చీటీ, స్ట్రిప్పు, ఖాళీ అయినా సరే, దాచిపెట్టండి.

స్ట్రిప్పు మీద పేరు చదవడం నేర్చుకోవాలి, లేదా బడికి పోయే మనవడితో చదివించుకోవాలి. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్. వీటిలో ఏది ఉన్నా నేను చెప్పే మాటలు మీకు వర్తిస్తాయి. పారాసిటమాల్ ఒక్కటే ఉన్న గోలి ఈ జాతి కాదు. కానీ షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది ఎసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిసిన గోలి. ‘పారాసిటమాలే కదా’ అని మోసపోయేది ఇక్కడే.

ఇప్పుడు ఆ సోమవారానికి వద్దాం. నల్లగా, జిగటగా వచ్చిన మొదటిసారే నొప్పి గోలి ఆపేయాలి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లారి చూద్దామనే మాట వద్దు. గ్యాస్ గోలి, యాంటాసిడ్ సీసా కారే రక్తాన్ని ఆపవు. మజ్జిగ, సబ్జా వేడికి మంచివే, పుండుకు కావు. కడుపులో నొప్పి ఉంటే దానికి మళ్లీ నొప్పి గోలి వేసుకోవడం అన్నింటికన్నా చెడ్డది. ఎండోస్కోపీ చేయాల్సి రావచ్చు కాబట్టి ఆస్పత్రికి వెళ్లే దాకా ఏమీ తినకుండా ఉంటే మేలు.

కూర్చుంటే బాగుండి, లేవగానే కళ్లు తిరుగుతున్నా, చెమటలు పడుతున్నా, నాడి కూర్చున్నప్పుడే నిమిషానికి వంద దాటినా, మూత్రం తగ్గినా, రక్తం లేదా కాఫీ పొడి నానినట్టున్న వాంతి అయినా, బైక్ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోవద్దు. 108కు ఫోన్ చేయండి, ‘లోపల రక్తం పోతోంది’ అని స్పష్టంగా చెప్పండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తున ఉంచండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఒక జాగ్రత్త: బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడేవాళ్లకు రక్తం పోతున్నా నాడి పెద్దగా పెరగదు. నాడి బాగుందని వాళ్లను ఇంట్లో ఉంచొద్దు.

ఎక్కడికి వెళ్లాలి? రక్తం ఎక్కించగలిగిన, ఎండోస్కోపీ చేయగలిగిన చోటికి. దగ్గరి పీహెచ్‌సీలో సెలైన్ పెట్టించుకోవడం మంచిదే, కానీ అక్కడే ఆగిపోకూడదు. బయల్దేరే ముందు నల్లగొండలోనైనా హైదరాబాద్‌లోనైనా ‘ఇవాళ ఎండోస్కోపీ ఉందా, రక్తం ఉందా’ అని ఒక ఫోన్ చేస్తే రెండో ఆస్పత్రికి తిరిగే బాధ తప్పుతుంది.

ఇంకొక చోట జనం మోసపోతారు. ఈమెకు వచ్చిన వెంటనే చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ 10.2. కొడుకు ‘పదుంది కదా సార్, ఇంటికి తీసుకుపోతాం’ అన్నాడు. అప్పుడప్పుడే రక్తం పోయినప్పుడు ఎర్ర కణాలు, నీరు కలిసే పోతాయి కాబట్టి మిగిలిన రక్తం పలచన కాదు, హిమోగ్లోబిన్ అంతగా తగ్గినట్టు కనిపించదు. ఒంట్లోని నీరు, మేం పెట్టిన సెలైన్ రక్తనాళాల్లోకి చేరాక అసలు లెక్క తెలుస్తుంది. మర్నాడు ఆమెకు 6.8 వచ్చింది. అందుకే మేం మొదటి అంకెను కాదు, నాడిని, బీపీని చూస్తాం, రక్తపరీక్ష మళ్లీ మళ్లీ చేయిస్తాం. మామూలుగా హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే రక్తం ఎక్కిస్తాం, గుండె జబ్బు ఉంటే 8 దగ్గరే ఆలోచిస్తాం. ఆమెకు రెండు యూనిట్లు ఎక్కించాం.

ఆస్పత్రిలో ముందు ఆమ్లం తగ్గించే ఇంజెక్షన్ నరానికి ఇచ్చి, పరిస్థితి కుదుటపడ్డాక, 24 గంటల లోపల, నోటి గుండా సన్నని గొట్టం పంపి చూస్తారు. ఎండోస్కోపీ అంటే ఆపరేషన్ కాదు. చిన్నపేగు మొదటి భాగంలో ఆమెకు పుండు ఉంది, దానిలో ఒక రక్తనాళం పైకి కనిపిస్తోంది. అదే గొట్టంతో క్లిప్ వేశారు. అది అట్లాగే ఉండి ఉంటే మళ్లీ పగిలే ప్రమాదం చాలా ఎక్కువ. క్లిప్ వేశాక కూడా మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచారు, ఎందుకంటే మళ్లీ రక్తం కారడం ఎక్కువగా ఆ మూడు రోజుల్లోనే జరుగుతుంది. రక్తం ఆగాక కూడా పేగుల్లో మిగిలినది బయటికి వచ్చే దాకా కొన్ని రోజులు దొడ్డికి నల్లగానే రావచ్చు. ఇంటికి వెళ్లాక ఆ రంగు చూసి భయపడనక్కర్లేదు. కానీ రంగు బాగుపడి మళ్లీ నల్లబడితే, లేదా నల్లదనంతో పాటు కళ్లు తిరిగితే, వెనక్కి రావాలి.

తర్వాత చేయాల్సిన పరీక్ష ఒకటి మర్చిపోతుంటారు. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి పొట్టలో ఉంటే నొప్పి గోలీల వల్ల పుండు పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. రక్తం పోతున్నప్పుడు చేసిన పరీక్షలో అది లేదని వచ్చినా నమ్మకూడదు, తర్వాత ఇంకోసారి చేయించాలి. ఉంటే పద్నాలుగు రోజుల మందుల కోర్సు పూర్తి చేయాలి, మధ్యలో బాగుందని ఆపకూడదు.

మరి మోకాళ్ల నొప్పి సంగతి? ఒకసారి రక్తం పోయినవాళ్లు ఆ జాతి గోలీలు మళ్లీ తమంతట తాము వేసుకోకూడదు. పారాసిటమాల్ 500 గోలీలు రోజుకు ఆరు దాటకుండా వాడవచ్చు. మద్యం తాగేవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు అంతకన్నా తక్కువే వాడాలి, డాక్టరును అడిగి. మోకాలికి పైపూత జెల్ రాసుకోవచ్చు, అది రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం ఫిజియోథెరపీ వాళ్లు నేర్పుతారు. ఇవేవీ సరిపోక గోలి తప్పనిసరి అయితే ఏ గోలి, ఎన్ని రోజులు, దానితో పాటు ఆమ్లం తగ్గించే గోలి ఎంత కాలం అన్నది డాక్టరు రాసివ్వాలి.

గుండెకు స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్ వాడేవాళ్ల సంగతి వేరు. నల్లగా వస్తే వాళ్లు కూడా ఆ రోజే ఆస్పత్రికి రావాలి, కానీ ఆస్పిరిన్‌ను తమంతట తాము ఆపేసి ఇంట్లో కూర్చోకూడదు. స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఎప్పుడు ఆపాలి, ఆపితే ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అనేది గుండె డాక్టరు, కడుపు డాక్టరు కలిసి తేలుస్తారు. చాలామందికి కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదలుపెడతారు. కాబట్టి వచ్చేటప్పుడు స్టెంట్ ఎప్పుడు వేశారో రాసిన కాగితాన్ని కూడా వెంట తెచ్చుకోండి.