రోజుకో పెట్టె అంటే ఎన్ని?

శ్రోతలకు నమస్కారం. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళితే తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "సిగరెట్లు రోజుకు ఎన్ని? ఎన్నేళ్లుగా?" చాలామంది తప్పు ఒప్పుకుంటున్నట్టు తల దించుకుంటారు. నిజానికి అక్కడ మేం వేసుకునేది ఒక లెక్క. దాని పేరు ప్యాక్ ఇయర్స్.

రోజుకు 20 సిగరెట్ల చొప్పున ఏడాది పాటు కాలిస్తే ఒక ప్యాక్ ఇయర్. అంటే 7,300 సిగరెట్లు. రోజుకు పదే కాలిస్తే ఒక ప్యాక్ ఇయర్ కావడానికి రెండేళ్లు పడుతుంది. అంతే లెక్క. కానీ తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

ఒక లారీ డ్రైవరు గారి సంగతి చెబుతాను. వయసు 58. మెట్లెక్కితే ఆయాసమని వచ్చారు. రెండేళ్ల కిందటే సిగరెట్ మానేశారు. ఎన్ని కాల్చేవారని అడిగితే, "రోజుకో పెట్టె సార్, పద్దెనిమిదో ఏట మొదలుపెట్టా" అన్నారు. పద్దెనిమిది నుంచి యాభై ఆరు దాకా 38 ఏళ్లు, రోజుకో పెట్టె. 38 ప్యాక్ ఇయర్స్ అని రాసేయబోయాను. పక్కనే ఉన్న ఆయన భార్య, "పది ఉండే చిన్న పెట్టె అండీ" అంది. చూశారా! లెక్కలో పెట్టె అంటే ఇరవై, ఆయన జేబులో పెట్టె అంటే పది. 38 కాస్తా 19 అయింది.

అదీ సరైన లెక్క కాదు. చివర్లో ఎన్ని కాల్చారో అదే మొదటి నుంచీ కాల్చి ఉండరు కదా. అందుకే ముక్కలు చేసి అడిగాను. క్లీనరుగా ఉన్న మొదటి 8 ఏళ్లు రోజుకు ఐదు. ఐదంటే పావు ప్యాకు, కాబట్టి 2 ప్యాక్ ఇయర్స్. స్టీరింగ్ చేతికొచ్చాక 20 ఏళ్లు రోజుకు పదిహేను, రాత్రి డ్యూటీలు మరి. ముప్పావు ప్యాకు చొప్పున 15. ఆఖరి 10 ఏళ్లు రోజుకు పది. అది 5. మొత్తం 22.

"డాక్టరుగారూ, డ్రైవింగ్‌లో ఉండగా తొమ్మిదిసార్లు అయ్యప్ప మాల వేశాను. ఆ రోజుల్లో ముట్టలేదు. అదీ పట్టండి" అన్నారు. పట్టాను. 41 రోజుల చొప్పున తొమ్మిదిసార్లంటే దాదాపు ఏడాది. ముప్పావు తీసేస్తే 21 పైచిలుకు మిగిలింది.

38, 19, 21. ఒకే మనిషికి మూడు అంకెలు. ఏ అంకె పడితే ఏమిటంటారా? అమెరికాలో 2021 నుంచి ఉన్న సిఫారసు ప్రకారం, 50 నుంచి 80 ఏళ్ల లోపు వయసుండి, కనీసం 20 ప్యాక్ ఇయర్స్ ఉండి, ఇంకా కాలుస్తున్నవాళ్లకు గానీ, మానేసి పదిహేనేళ్లు నిండనివాళ్లకు గానీ ఏటా తక్కువ రేడియేషన్‌తో ఛాతీ సీటీ స్కాన్ తీస్తారు. లక్షణాలేవీ కనిపించకముందే ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పట్టుకోవడానికి. 19 అని రాస్తే మా డ్రైవరు గారు ఆ గీతకు ఇవతల, 21 అని రాస్తే అవతల. మన దగ్గర దేశమంతటికీ అలాంటి స్కాన్ కార్యక్రమం లేదు. పైగా పాత టీబీ మచ్చలు స్కాన్‌లో గడ్డల్లా కనిపించి లేనిపోని టెన్షన్ పెడతాయి. అందుకని ఈ గీతను మనిషిని చూసి, మాట్లాడి వాడుకోవాలి. దగ్గులో రక్తం పడుతుంటే మాత్రం ఏ లెక్కా అక్కర్లేదు, వెంటనే డాక్టరు దగ్గరికి రావాలి.

ఆయన ఆయాసానికి ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించాం. ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు ఇరుకైపోయే సీఓపీడీ జబ్బు బయటపడింది. ఇన్నేళ్ల పొగ తర్వాత ఆయాసమంటే మాకు ముందు వచ్చే అనుమానం అదే. అయితే అంకె పెద్దదైన ప్రతివాళ్లకూ జబ్బు రాదు, చిన్నదైతే రాదనీ కాదు.

ఈ లెక్కకు ఇంకో లోపం కూడా ఉంది. రోజుకు 40 చొప్పున పదేళ్లు కాల్చినా 20 ప్యాక్ ఇయర్సే, రోజుకు 10 చొప్పున నలభై ఏళ్లు కాల్చినా 20 ప్యాక్ ఇయర్సే. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఆ నలభై ఏళ్లాయనకే ఎక్కువ. రోజుకు ఎన్ని అన్నదానికంటే ఎన్నేళ్లు అన్నదే ఎక్కువ బరువు. "తగ్గించాను సార్, ఇప్పుడు మూడే" అనేవాళ్లతో నేను ఏళ్ల గురించే మాట్లాడేది అందుకే.

ఇక బీడీ, చుట్ట. వీటికి ప్యాకు లెక్క కుదరదు. బీడీలకైతే రోజుకు ఎన్ని అన్నదాన్ని ఏళ్లతో గుణించి రాసుకుంటాం. రోజుకు పదిహేను బీడీలు, ముప్ఫై ఏళ్లు అంటే 450. 300 దాటితే ఎక్కువ కిందే లెక్క. మన ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అమ్మలున్నారు, అడ్డపొగ అంటారు. వాళ్లకు ఏ అంకె వేసినా సరిపోదు. అక్కడ టార్చి వేసి అంగిలి చూడాల్సిందే.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక చీటీ మీద ఇంతే రాసుకోండి: ఏ వయసు నుంచి ఏ వయసు దాకా, రోజుకు ఎన్ని. పెట్టెలు కాదు, సిగరెట్లు. వీలైతే ఇంట్లోవాళ్లకు ఒకసారి చూపించండి.

వెళ్లేముందు మా డ్రైవరు గారు అడిగారు, "మానేశాగా సార్, ఆ 21 ఎప్పటికి తగ్గుతుంది?" అని. అంకె తగ్గదండీ, అది కాల్చేసిన సిగరెట్ల లెక్క. ముప్పు మాత్రం ఏడాదికేడాది తగ్గుతూ వస్తుంది. అందుకే ఆయన ఫైల్లో 21 పక్కనే మానేసిన సంవత్సరం కూడా రాశాను.