పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు పంపే మాట: క్యాండిడ్‌లు ఎక్కువగా, ఆల్బమ్ త్వరగా

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. బొబ్బిలి నుంచి ఒక అన్నయ్య మాకు ఒక సందేశం పంపించారు. మాఘమాసంలో ఆయన చెల్లెలి పెళ్లి ఉంది. నిశ్చితార్థం ఫొటోల్లో అందరూ వరుసగా నిలబడి కెమెరా వైపే చూస్తున్నారట. పెళ్లికైనా సహజమైన చిత్రాలు ఎక్కువ కావాలని, ఆల్బమ్ ఉగాదికి చేతికి రావాలని ఫొటోగ్రాఫర్‌కు ఎలా రాయాలో అడిగారు. ఆయన మొదట రాసుకున్న వాక్యం ఇది: "క్యాండిడ్ ఫొటోలు ఎక్కువ తీయండి, ఆల్బమ్ తొందరగా ఇవ్వండి." విజయనగరంలో చాలా ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్న ఫొటోగ్రాఫర్ గారు ఈరోజు మనతో ఉన్నారు. ఈ వాక్యం మీకు వస్తే ఏమనుకుంటారండీ?

ఫొటోగ్రాఫర్: సరేనని జవాబు ఇస్తానండీ, కానీ దాని వల్ల నా పని ఏమీ మారదు. క్యాండిడ్ తీయాలంటే నేను దూరంగా, పక్కనుంచి, ఎవరినీ పిలవకుండా తీయాలి. మంగళసూత్రధారణ సమయంలో మాత్రం నేను వేదికకు ఎదురుగా దగ్గరగా ఉండాల్సిందే. ఆ ఒక్క చిత్రం తప్పిపోతే ఏ కుటుంబమూ క్షమించదు. ఒక్క మనిషి ఒకే క్షణంలో రెండు చోట్ల ఉండలేడు కాబట్టి, ఎక్కువ క్యాండిడ్‌లు కోరేవారు ముందుగా రెండో కెమెరామన్ గురించే మాట్లాడాలి.

వ్యాఖ్యాత: అంటే ప్యాకేజీలో ఎంతమంది వస్తారో సందేశంలోనే అడగాలన్నమాట.

ఫొటోగ్రాఫర్: అవునమ్మా. "ఇద్దరు వస్తారా? రాకపోతే ఇంకొకరికి అదనంగా ఎంత అవుతుంది?" అని అడిగితే మాకు అవమానంగా అనిపించదు, పైగా ఊరట కలుగుతుంది. మూఢం వెళ్లిన తరువాత ముహూర్తాలన్నీ దగ్గర దగ్గరగా పడతాయి. అప్పుడు మంచి క్యాండిడ్ తీసేవారిని కనీసం నెల ముందే మాట్లాడుకోకపోతే దొరకరు. పెళ్లి ముందురోజు అడిగితే నేను ఎవరినో ఒకరిని తీసుకువస్తాను, కానీ ఆయనకు మన పెళ్లి తంతు తెలియకపోవచ్చు.

వ్యాఖ్యాత: తంతు తెలియడం అంత ముఖ్యమా?

ఫొటోగ్రాఫర్: అదే అన్నిటికంటే ముఖ్యం. జీలకర్ర బెల్లం సమయం చూడండి. తెరకు ఇరువైపులా వధూవరులు ఉంటారు, తెర తొలగిన వెంటనే ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపు ఒకటి రెండు సెకన్లకు మించదు, వెంటనే అక్షింతలు పడతాయి, తల వంచుతారు. తెర ఎప్పుడు తీస్తారో తెలిసినవాడు ముందే పక్కన చోటు చూసుకుని ఉంటాడు, తెలియనివాడికి పురోహితుని వీపు మాత్రమే దొరుకుతుంది. ఇంకో సంగతి, కన్యాదానంలో తండ్రి ముఖం, అప్పగింతల్లో తల్లి ముఖం ఎలాగూ తీస్తాము. కానీ ఆ మండపంలో మూలన కూర్చున్న ముసలమ్మ పెళ్లికూతురిని పెంచిన నాయనమ్మ అని మాకు ఎవరు చెబుతారు? ఎవరి కన్నీరు ఆ ఇంటికి విలువైనదో కెమెరాకు తెలియదు. ఇంట్లోవారిలో ఒక్క కుర్రవాడిని మా పక్కన ఉంచితే, "అదిగో మేనమామ, అదిగో నాయనమ్మ" అని చూపిస్తాడు. ఏ ఖరీదైన లెన్సూ చేయలేని సాయం అది.

వ్యాఖ్యాత: అయితే సందేశంలో కొన్ని క్షణాల పేర్లూ, కొందరు మనుషుల పేర్లూ రాయాలి.

ఫొటోగ్రాఫర్: నాలుగైదు చాలు. ముప్పై రాస్తే మేము జాబితా చూసుకుంటూ కూర్చుంటాము, ఎదుట జరిగేది చూడలేము. బంధువుల సంగతి కూడా రాయాలి. తలంబ్రాల సమయంలో ఫోన్లు పట్టుకుని ముందుకు వచ్చేస్తారు, లేదా "ఇటు చూడమ్మా" అని పెళ్లికూతురిని పిలుస్తారు. వారిని ఆపే మాట మా నోట వస్తే గొడవ అవుతుంది, ఇంటి పెద్దలే చెప్పాలి.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఆల్బమ్ సంగతి. ఆలస్యానికి కారణం మీరేనని అందరూ అనుకుంటారు.

ఫొటోగ్రాఫర్: కొంత మా వల్లనే జరుగుతుంది, సీజన్‌లో డిజైన్ పని పేరుకుపోతుంది. కానీ ఎక్కువ ఆలస్యం ఫొటోలు ఎంచుకోవడంలోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఇచ్చాక ఆడపెళ్లివారు చూసి, మగపెళ్లివారికి పంపి, వారు ఊళ్లో లేకపోతే ఎదురుచూసి, ఒక్కోసారి రెండు నెలలు గడుపుతారు. పైగా నాలుగు వందల ఫొటోలు గుర్తుపెట్టి పంపుతారు. పన్నెండు బై ముప్పై ఆరు అంగుళాల ఆల్బమ్‌లో 30 షీట్లు ఉంటే, షీటుకు ఐదు చొప్పున 150 ఫొటోలు అందంగా పడతాయి. నాలుగు వందలు ఇరికిస్తే ముఖాలు తపాలా బిళ్లలంత అవుతాయి, క్యాండిడ్ కోరిన ఫలం అక్కడే పోతుంది.

వ్యాఖ్యాత: ఉగాదికి కావాలంటే లెక్క ఎలా వేసుకోవాలి?

ఫొటోగ్రాఫర్: నా పద్ధతి చెబుతాను. ఫొటోలు చేతికి వచ్చాక ఎంపికకు ఒక వారం, డిజైన్‌కు పది రోజులు, మార్పులకు మూడు రోజులు, ప్రింటింగ్, బైండింగ్ లాబ్‌లో మరో పది రోజులు. మొత్తం 30 రోజులు. మార్పులు ఒక్కసారే, ఒక్క మనిషి ద్వారానే చెప్పాలి. అత్తగారు ఒకటి, బావగారు మరొకటి వేరువేరుగా చెబితే లెక్క మొదటికి వస్తుంది. మాఘంలో పెళ్లయితే ఉగాదికి ఇది సాధ్యమే, కానీ ఎంపిక జాబితా ఏ తేదీకి ఇస్తారో మీరే ముందు రాయాలి.

వ్యాఖ్యాత: ఇవన్నీ కలిపి మేము ఈ సందేశం సిద్ధం చేశాము. బొబ్బిలి అన్నయ్య తేదీలు పూరించుకుంటే సరిపోతుంది.

"ఫొటోగ్రాఫర్ గారికి నమస్కారం. నిశ్చితార్థం ఫొటోల్లో పెద్దవాళ్ల గ్రూపులన్నీ చక్కగా వచ్చాయి, మా అమ్మ చాలా సంతోషించారు. పెళ్లికి కెమెరా వైపు చూడకుండా ఉన్న సహజమైన చిత్రాలు ఎక్కువ కావాలని మా కోరిక. ముఖ్యంగా తెర తొలగే క్షణం, కన్యాదానంలో నాన్నగారు, తలంబ్రాలు, అప్పగింతలు, వీటన్నిటిలో మా నాయనమ్మ. ఇందుకు ఇంకొకరు అవసరమైతే అదనపు ఖర్చు ఎంతో దయచేసి ఈ వారంలో చెప్పగలరు. మా పిన్ని కొడుకు మీ పక్కనే ఉండి మనుషులను చూపిస్తాడు, బంధువులను పక్కకు జరిపే బాధ్యత నేను తీసుకుంటాను. చెల్లి ఉగాదికి పుట్టింటికి వస్తుంది కాబట్టి ఆల్బమ్ ఆనాటికి అందితే బాగుంటుంది. మీరు ఫొటోలు ఇచ్చిన ఏడో రోజుకు 150 ఫొటోల నంబర్లు నేనే పంపిస్తాను, మార్పులు కూడా నా ద్వారానే ఒక్కసారి వస్తాయి. మీకు వీలుపడే తేదీ ఏదో చెప్పండి."

ఫొటోగ్రాఫర్: చివరి వాక్యం చాలా బాగుందమ్మా. తేదీ నన్ను చెప్పమన్నారు కాబట్టి, నేను చెప్పిన తేదీకి నేనే కట్టుబడతాను.

వ్యాఖ్యాత: ఉగాదికి వీలుకాదని మీరు అంటే?

ఫొటోగ్రాఫర్: అప్పుడు కోపగించుకోకుండా, "ఎంచుకున్న వాటిలో ముప్పై ఫొటోలు సరిచేసి ఫోన్‌కు పంపగలరా, ఆల్బమ్ తరువాత ఇద్దురు" అని అడగండి. అది రెండు మూడు రోజుల పని, ఎవరూ కాదనరు. ఆల్బమ్ అందినప్పుడే చివరి వాయిదా డబ్బు ఇస్తామని పెళ్లికి ముందే మాట్లాడుకుని ఉంటే, ఆ మాట ఇప్పుడు గుర్తుచేయాల్సిన అవసరం కూడా రాదు.