డయాలసిస్ ఫ్రీ, బీపీ మాత్ర మాత్రం సొంత ఖర్చు

[స్క్రీన్ మీద: పక్కపక్కనే ఆరోగ్యశ్రీ కార్డు, మందుల షాపు బిల్లు]

నలభై ఐదేళ్ల వ్యవసాయ కూలీ ఒకామె ఉందనుకోండి. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. రోజు కూలి 400. ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే ఫీజు, టెస్టులు, మాత్రలు కలిపి నెలకి వెయ్యి అవుతుందనుకుందాం. ఏడాదికి 12 వేలు, అంటే 30 రోజుల కూలి. ఈ బిల్లుకి ఆరోగ్యశ్రీ కార్డు పనికిరాదు. డబ్బులు ఆడని నెల మాత్రలు మానేస్తుంది. పైకి ఏ బాధా కనిపించదు కాబట్టి బాగానే ఉన్నాననుకుంటుంది. కొన్నేళ్లకి కిడ్నీలు పాడైతే మాత్రం అదే కార్డు మీద డయాలసిస్ ఉచితం.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకోవాల్సిన ఇళ్లకి అది నిజంగా ఊరట. కానీ అందరికీ వైద్యం అందుతోందా అని చూడాలంటే మూడు ప్రశ్నలు వేయాలి. ఎంతమందికి? ఏ ఏ సేవలకి? ఖర్చులో ఎంత భాగం? మొదటిదానికీ మూడోదానికీ ఆరోగ్యశ్రీ గట్టి జవాబే ఇచ్చింది. రెండో ప్రశ్న దగ్గర ఆసుపత్రిలో చేరాక చేసే వైద్యం దగ్గరే ఎక్కువగా ఆగిపోయింది. 1978లో ప్రపంచ దేశాలు కలిసిన ఆల్మా ఆటా ఆరోగ్య సదస్సు చెప్పింది దీనికి తలకిందులు: ఇంటికి దగ్గరలో దొరికే ప్రాథమిక వైద్యంతో మొదలుపెట్టమని.

[స్క్రీన్ మీద: 2021-22, దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబు నుంచి 39.4 శాతం]

2013-14లో ఇది 64.2 శాతం. తగ్గింది, సంతోషమే. అయితే సగటు లెక్కలో మన కూలీ కనిపించదు. నెలకి లక్ష వచ్చే ఇంటికి ఆ వెయ్యి ఒక శాతం. పదివేలు వచ్చే ఇంటికి పది శాతం. జేబు ఖర్చులో అన్యాయం ఇక్కడే ఉంది: బిల్లు ఒకటే, బరువు పదింతలు. అదే పన్నుల డబ్బుతో మందులు కొని పంచితే, జబ్బు పడ్డవాడి మీద ఆ రోజు బిల్లు పడదు.

మరి పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారుగా అంటారా? ఇస్తారు, స్టాక్ ఉంటే. పది రోజులకే మాత్రలిచ్చి మళ్లీ రమ్మంటే, నెలకి మూడుసార్లు కూలి పోగొట్టుకోవాలి. అంటే 1,200. ప్రైవేటు కంటే ఉచితమే ఖరీదైపోయింది! నన్నడిగితే, నెలకి సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వడం కొత్త ఆసుపత్రి భవనం కన్నా ముందు జరగాల్సిన పని.

తమిళనాడు 2021లో ఇంకో అడుగు వేసింది. మక్కళై తేడి మరుత్తువం పథకంలో బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు. అక్కడి ప్రభుత్వ సంస్థ 1990ల నుంచే మందులు టోకున కొని, గోడౌన్ల ద్వారా పంపుతోంది కాబట్టి అది కుదిరింది.

[స్క్రీన్ మీద: బీపీ మిషన్, 150/96]

ఇలాంటి పథకాల్లో ఎంతమందికి మాత్రలిచ్చారో గొప్పగా చెప్తారు. అడగాల్సింది వేరే: పేరు రాయించుకున్న వందమందిలో, పోయినసారి చూసినప్పుడు బీపీ అదుపులో, అంటే 140/90 లోపు ఉన్నవాళ్లెందరు? 2017 జాతీయ ఆరోగ్య విధానం ఆరోగ్య బడ్జెట్‌లో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికి కేటాయించాలంది. ఆ డబ్బు వెళ్లిన ఊళ్లో ఈ సంఖ్య పెరగకపోతే, ముందు మందుల స్టాక్ రిజిస్టర్ తెరిచి చూడాలి.