అమెరికా రెసిడెన్సీ: యాభై ఎనిమిది శాతం ఎవరిలో?

వ్యాఖ్యాత: విశాఖపట్నం నుంచి ప్రసారమవుతున్న ఈ ఫోన్-ఇన్ కార్యక్రమంలో తర్వాతి కాల్ గాజువాక నుంచి. అమ్మా, మాట్లాడండి.

శ్రోత: నమస్కారం సార్. నేను 2018లో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, ఇక్కడే క్యాజువాలిటీలో పనిచేస్తున్నాను. అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో స్టెప్ వన్ పాసయ్యాను, స్టెప్ టూ సీకేలో 238 వచ్చింది. విదేశీ గ్రాడ్యుయేట్లలో యాభై ఎనిమిది శాతం మందికి అక్కడ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో స్పెషాలిటీ శిక్షణ సీటు వస్తుందని విన్నాను. జనరల్ సర్జరీకి ప్రయత్నించవచ్చా?

వైద్య నిపుణులు: అంకె సరైనదే డాక్టర్ గారూ. ఈ సీట్లు కేటాయించే మ్యాచ్ ప్రక్రియలో 2024, 2025లలో అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో దాదాపు అంతమందికే మొదటి సంవత్సరం సీటు దొరికింది. అయితే అది తమకు కావలసిన శిక్షణ ప్రోగ్రాములను వరుస క్రమంలో రాసే ర్యాంక్ లిస్టు సమర్పించినవారిలో లెక్క. సెప్టెంబరులో దరఖాస్తు పంపి, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాక లిస్టు వేయలేకపోయినవారు ఆ లెక్కలోకే రారు. కనుక మీకు అసలు గండం ఇంటర్వ్యూ దగ్గరే ఉంది.

స్టెప్ వన్‌కు 2022 జనవరి నుంచి మార్కులు ఇవ్వడం లేదు కనుక స్టెప్ టూ స్కోరుపైనే ఎక్కువ భారం పడింది. మీ 238 పాస్ మార్కుకు బాగా పైనే ఉన్నా, సర్జరీకి పోటీపడే విదేశీ అభ్యర్థుల మధ్య నిలబెట్టే స్కోరు కాదు. పైగా డిగ్రీ పొంది అయిదేళ్లు దాటినవారి దరఖాస్తులను చాలా ప్రోగ్రాములు తెరిచి చూడకుండానే పక్కన పెడతాయి.

శ్రోత: ప్రిలిమినరీ సర్జరీ సీట్లు సులువుగా దొరుకుతాయంటున్నారు కదా సార్?

వైద్య నిపుణులు: దొరుకుతాయి, కానీ ఒక్క ఏడాదికే. అయిదేళ్ల శిక్షణకు హామీ ఇచ్చేది కేటగారికల్ సీటు మాత్రమే. ప్రిలిమినరీలో చేరినవారు ఏడాది పొడవునా రాత్రింబవళ్లు డ్యూటీ చేస్తూనే రెండో సంవత్సరం సీటు కోసం మళ్లీ వెతుక్కోవాలి. దొరకకపోతే శిక్షణ కోసం ఇచ్చిన జె-1 వీసా కూడా అక్కడితో ముగుస్తుంది. నా దృష్టిలో మీకు మూడేళ్ల ఇంటర్నల్ మెడిసిన్ లేదా ఫ్యామిలీ మెడిసిన్ మేలు. దరఖాస్తుకు ముందే ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష పూర్తిచేయండి. అమెరికా ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసి, మిమ్మల్ని దగ్గరుండి చూసిన వైద్యుల నుంచి సిఫారసు లేఖలు తెచ్చుకోండి. క్యాజువాలిటీ అనుభవాన్ని దరఖాస్తులో విడమరచి రాయండి; డిగ్రీ తర్వాత ఖాళీగా లేరనడానికి అదే మీ ఆధారం.

శ్రోత: ఇంటర్వ్యూలు వస్తే లిస్టులో తప్పక తీసుకుంటారనిపించిన ప్రోగ్రామునే ముందు పెట్టాలా?

వైద్య నిపుణులు: అక్కర్లేదమ్మా. మ్యాచ్ పద్ధతి అభ్యర్థి కోరిక నుంచే మొదలవుతుంది కనుక పెద్ద ప్రోగ్రామును మొదట రాసినంత మాత్రాన కింది స్థానాల్లో ఉన్నవాటిలో మీ అవకాశం తగ్గదు. మీకు నిజంగా ఇష్టమైన క్రమంలోనే రాయండి. అయితే చేరడానికి ఇష్టం లేనిదాన్ని మాత్రం రాయకండి. మ్యాచ్ అయితే దానికి కట్టుబడి ఉండాల్సిందే.