పన్నెండు క్రెడిట్లు: కాలేజీ లెక్క వేరు, ఎయిడ్ లెక్క వేరు

అందరికీ నమస్కారం. ఇక్కడున్న చాలామంది పిల్లలు వచ్చే ఫాల్‌లో టెక్సస్‌లోనే ఏదో ఒక కాలేజీలో చేరబోతున్నారు. నేను ఒక కమ్యూనిటీ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేస్తాను. ఫెడరల్ ఎయిడ్ దరఖాస్తు ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ ఎలా నింపాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి దాని జోలికి వెళ్లను. ఎయిడ్ మంజూరయ్యాక, సెమిస్టర్ మధ్యలో అది ఎందుకు తగ్గిపోతుందో, అందులో క్రెడిట్ల పాత్ర ఏమిటో చెబుతాను.

క్రెడిట్ అవర్ అంటే ఫెడరల్ నిబంధనలో ఉన్న అర్థం ఇది: వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు క్లాసు బయట కనీసం రెండు గంటల పని, ఇలా సుమారు 15 వారాలు. ఆ గంట కూడా చాలా కాలేజీల్లో 50 నిమిషాలే. అంటే మూడు క్రెడిట్ల కోర్సుకి వారానికి తొమ్మిది గంటలు పోతాయి. 12 క్రెడిట్లు తీసుకుంటే వారానికి 36 గంటలు. అందుకే 12 క్రెడిట్లను ఫుల్‌టైమ్ అన్నారు. పేపర్ మీద అది ఒక ఉద్యోగమంత పని.

మనలో హైదరాబాద్‌లో బీటెక్ చేసి వచ్చినవాళ్లు ఇక్కడే పొరపడతారు. జేఎన్‌టీయూలో డిగ్రీ మొత్తానికి 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి సగటున 20. "మేం 20 చేశాం, నువ్వు 12కే అలసిపోతే ఎలా?" అని పిల్లల్ని అడిగే తండ్రులను నేను చూశాను. అక్కడ క్రెడిట్ లెక్క ముఖ్యంగా క్లాసులో కూర్చునే గంటలకి. ఇక్కడ ఇంటిపని కూడా ఆ లెక్కలోనే ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ఇంకో మాట. 12 క్రెడిట్లు ఫుల్‌టైమే గానీ, నాలుగేళ్లలో పట్టా చేతికి రావాలంటే అది చాలదు. బ్యాచిలర్స్ డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు కావాలి. సెమిస్టర్‌కి 12 చొప్పున వెళ్తే పది సెమిస్టర్లు, అంటే ఐదేళ్లు పడుతుంది. నాలుగేళ్లలో అయిపోవాలంటే 15 తీసుకోవాలి, లేదా సమ్మర్‌లో కొంత భర్తీ చేసుకోవాలి. తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ ఎయిడ్ అయిన పెల్ గ్రాంట్‌కి జీవితకాల పరిమితి ఉంది, పన్నెండు ఫుల్‌టైమ్ సెమిస్టర్లకి సమానం. మేజర్ రెండుసార్లు మార్చే పిల్లలున్న ఇంట్లో ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ అమ్మాయి పోర్టల్‌లో "ఫుల్‌టైమ్" అని కనిపిస్తుంది. ఎయిడ్ ఆఫీసు లెక్కలో ఆమె ఫుల్‌టైమ్ కాకపోవచ్చు. ఫెడరల్ ఎయిడ్ ఇచ్చేది ఆమె డిగ్రీ ప్లాన్‌కి పనికొచ్చే కోర్సులకే. ఆ డిగ్రీలో ఎక్కడా ఇమడని కోర్సుకి ఫీజు కట్టించుకుంటారు, మార్కులూ వేస్తారు, కానీ పెల్ లెక్కలోకి మాత్రం తీసుకోరు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక అమ్మాయి ఇంజనీరింగ్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యే ప్లాన్‌లో, రెండో సెమిస్టర్‌లో ఉంది. ఇంగ్లిష్ కంపోజిషన్ 3, కాల్క్యులస్ 4, ల్యాబ్‌తో కెమిస్ట్రీ 4, డ్యాన్స్ 3. మొత్తం 14. ఇంట్లో అందరికీ ధైర్యం. కానీ ఆమె డిగ్రీ ప్లాన్‌లో ఎలక్టివ్ ఖాళీ ముందే నిండిపోయింది కాబట్టి డ్యాన్స్ లెక్కకి రాదు. మా లెక్కలో ఆమె 11 దగ్గర ఉంది.

2024-25 నుంచి పెల్‌ని ఫుల్, ముప్పావు, అర అని మెట్లుగా కాకుండా శాతాల్లో లెక్కిస్తున్నారు. లెక్కకొచ్చే క్రెడిట్లను 12తో భాగిస్తారు. 11 అయితే 92 శాతం. 2025-26లో పెల్ గరిష్ఠం ఏడాదికి 7,395 డాలర్లు, అంటే సెమిస్టర్‌కి సుమారు 3,697. గరిష్ఠ అర్హత ఉన్న మన అమ్మాయికి 92 శాతం చొప్పున 3,401 వస్తాయి. తగ్గింది దాదాపు 300 డాలర్లే, ఇంతవరకు పెద్ద కష్టం లేదు.

రెండో వారంలో కెమిస్ట్రీ బరువనిపించి డ్రాప్ చేసింది. పోర్టల్‌లో ఇంకా 10 క్రెడిట్లు కనిపిస్తున్నాయి. మా లెక్కలో మిగిలింది ఇంగ్లిష్, కాల్క్యులస్: ఏడు. అంటే 58 శాతం, సుమారు 2,144 డాలర్లు. పెల్ డబ్బు అప్పటికే జమ అయి ఉంటే 1,257 డాలర్లు వెనక్కి పోతాయి. కాలేజీ ఆ మొత్తాన్ని ఆమె ఖాతాలో బాకీగా చూపిస్తుంది. బాకీ ఉంటే చాలా చోట్ల హోల్డ్ పెడతారు, తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఇంట్లో టెన్షన్ మొదలయ్యేది అప్పుడు. మా ఆఫీసుకి వచ్చేది కూడా అప్పుడే.

దీన్ని తేదీతో కలిపి చూడాలి. టెక్సస్ పబ్లిక్ కాలేజీల్లో ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లకి సెన్సస్ తేదీ, అంటే ఎవరు ఎన్ని క్రెడిట్లలో ఉన్నారో లెక్కతీసే రోజు, పన్నెండో క్లాస్ రోజు. చాలా కాలేజీలు ఆ రోజున ఉన్న క్రెడిట్లతోనే పెల్‌ని ఖాయం చేస్తాయి. మన అమ్మాయి సెన్సస్ తర్వాత డ్రాప్ చేసి ఉంటే, క్లాసుకి అప్పటివరకు హాజరయింది కాబట్టి ఆ కాలేజీల్లో పెల్ తగ్గేది కాదు. అలాగని ఆగి డ్రాప్ చేయమని సలహా ఇవ్వను. సెన్సస్ తర్వాత డ్రాప్ చేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ, అంటే విత్‌డ్రా అయినట్టు గుర్తు, పడుతుంది. ప్రయత్నించిన క్రెడిట్లలో పాసైనవి ఎన్ని అనే లెక్కలో అది నష్టమే. ఎయిడ్ కొనసాగాలంటే సాధారణంగా అది 67 శాతం ఉండాలి. 14లో 10 పాసైతే 71, గట్టెక్కుతుంది. కాల్క్యులస్ కూడా ఫెయిలైతే 6 బై 14, అంటే 43 శాతం. ఆ ఒక్క సెమిస్టర్‌తోనే కాదు, మొత్తం సెమిస్టర్లు కలిపి చూస్తారు గానీ మొదటి ఏడాది విద్యార్థికి కూడుకునే మొత్తం చిన్నది కాబట్టి దెబ్బ గట్టిగానే తగులుతుంది. ఇంకో టెక్సస్ నిబంధన కూడా ఉంది: 2007 ఫాల్ నుంచి మొదటిసారి చేరినవాళ్లకి ప్రభుత్వ కాలేజీల్లో మొత్తం ఆరు డ్రాప్‌లే.

ఒక క్లాసుకి అసలు ఒక్కసారి కూడా వెళ్లకపోతే మాత్రం సెన్సస్ దాటినా ఆ క్రెడిట్లు లెక్కలోంచి తీసేస్తారు.

లోన్ల సంగతి వేరు. ఫెడరల్ లోన్‌కి కనీసం హాఫ్‌టైమ్, అంటే ఆరు క్రెడిట్లు ఉండాలి. ఏడుతో ఉన్న మన అమ్మాయి ఇంకా అర్హురాలే. కాల్క్యులస్ కూడా వదిలేస్తే మూడు మిగులుతాయి, అప్పుడు ఇంకా చేతికి రాని లోన్ ఆగిపోతుంది. 2025లో వచ్చిన చట్టంతో 2026 జులై 1 నుంచి ఫుల్‌టైమ్‌కన్నా తక్కువ ఉన్నవాళ్లకి ఏడాది లోన్ పరిమితి కూడా ఆ నిష్పత్తిలో తగ్గుతుంది.

ఇండియా నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చే మన పిల్లలకి ఫెడరల్ ఎయిడే ఉండదు, వాళ్లకి 12 అనేది వీసా సంగతి. బ్యాచిలర్స్‌లో సెమిస్టర్‌కి 12, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, మూడు క్రెడిట్ల వరకే లెక్కకొస్తుంది. మాస్టర్స్‌లో కాలేజీయే నిర్ణయిస్తుంది, చాలా చోట్ల తొమ్మిది. వీళ్లు కోర్సు డ్రాప్ చేసే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ అనే అధికారి అనుమతి తీసుకోవాలి. డ్రాప్ చేసి తర్వాత అడుగుతామంటే స్టేటస్ పోయే ప్రమాదం ఉంది.

మిగతావాళ్లు రిజిస్ట్రేషన్ అయిన రోజే డిగ్రీ ఆడిట్ తెరిచి, ఒక్కో కోర్సూ ప్లాన్‌లో ఏ గడిలో పడిందో చూడండి. ఏ గడిలోనూ పడనిది ఉంటే అది ఎయిడ్ లెక్కలో లేనట్టే. ఒక కోర్సు వదలాలనుకుంటే, సెన్సస్‌కి ముందే ఎయిడ్ ఆఫీసుకి రాసి ఈ ప్రశ్న అడగండి: "ఇది వదిలితే ఎయిడ్‌కి లెక్కయ్యే క్రెడిట్లు ఎన్ని మిగులుతాయి, నేనెంత వెనక్కి కట్టాలి?" జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.