స్టీమ్ ఖాతా దొంగల పాలైతే సపోర్ట్‌కు ఏ రుజువు పంపాలి?

నమస్కారం. స్టీమ్‌లోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ తప్పంటోంది. మెయిల్ తెరిస్తే, ఖాతాకు ఉన్న ఈమెయిల్ చిరునామా మారిందని సందేశం. ఇక్కడి నుంచి ఏం చేయాలో చూద్దాం.

ముందు మీ మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, అదీ వైరస్ లేదని నమ్మకమున్న మరో ఫోనులోనో కంప్యూటర్‌లోనో. మెయిల్ సెట్టింగుల్లో మీరు పెట్టని ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ ఉంటే తీసేయండి. స్టీమ్ ఉత్తరాలు మీ కంట పడకుండా దొంగలు చేసే పని అది.

ఇప్పుడు help.steampowered.com తెరిచి "My Steam Account was stolen and I need help recovering it" ఎంచుకోండి. ఖాతా పేరు అడుగుతుంది. స్నేహితులకు కనిపించే ప్రొఫైల్ పేరు కాదు, లాగిన్‌లో వాడేది. గుర్తులేకపోతే పాత కొనుగోలు మెయిళ్లలో ఉంటుంది. పాత మెయిల్‌కు కోడ్ రాదనుకుంటే, ఆ మెయిల్ ఇప్పుడు నా చేతిలో లేదన్న దారిలో వెళితే రుజువులు అడిగే ఫారం వస్తుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. దొంగ ఇప్పుడు మీ ఖాతా లోపలే ఉన్నాడు. ఏ ఆట, ఏ రోజు, ఎంతకు కొన్నారో కొనుగోళ్ల చరిత్రలో అతనికీ కనిపిస్తుంది. కాబట్టి ‘నా దగ్గర ఫలానా ఆటలున్నాయి’ అని రాస్తే మీకూ అతనికీ తేడా తెలియదు. ఖాతా బయట ఉన్న రుజువు కావాలి.

ఒక ఉదాహరణ. ఒకరు మొదటి ఆటను డెబిట్ కార్డుతో, తరువాతివి యూపీఐతో కొన్నారనుకుందాం. ఆయన పాత కొనుగోలు రసీదు మెయిల్ వెతికి, అదే తేదీ, అదే మొత్తం ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్ వరుసను పక్కన పెట్టాలి. కార్డుకైతే పేరు, చివరి 4 అంకెలు. యూపీఐకైతే 12 అంకెల యూటీఆర్ నంబరు. పూర్తి కార్డు నంబరు, సీవీవీ ఎవరికీ పంపకండి. మిగతా లావాదేవీలను కప్పేయండి. ఎంత పాత చెల్లింపైతే అంత బలం. నిన్న మొన్నటిది దొంగే చేసి ఉండొచ్చు కదా! డబ్బాలో వచ్చిన ఆట కీ ఉంటే, దాని పక్కన సపోర్ట్ ఇచ్చిన టికెట్ నంబరు చేత్తో రాసి ఫొటో తీయండి. స్నేహితుడు బహుమతిగా ఇచ్చిన ఆట మాత్రం ఇక్కడ అక్కరకు రాదు, చెల్లింపు అతని పేరున ఉంటుంది.

జవాబు ఆలస్యమైందని కొత్త టికెట్లు వేయకండి, ఉన్నదానికే రుజువు జోడించండి. కోపంతో బ్యాంకులో చెల్లింపును వివాదం చేస్తే ఖాతాకే తాళం పడుతుంది.

ఖాతా చేతికొచ్చాక స్టీమ్ గార్డ్‌లో అన్ని పరికరాలనూ తొలగించండి. తరువాత steamcommunity.com/dev/apikey చూడండి. అక్కడ మీరు పెట్టని ఏపీఐ కీ, అంటే బయటి ప్రోగ్రాములు మీ ఖాతాను వాడుకోవడానికి ఇచ్చే కోడ్, ఉంటే రద్దు చేయండి, పాస్‌వర్డ్ మార్చినా అదొక్కటీ మిగిలిపోవచ్చు. ట్రేడ్‌లో చేతులు మారిన వస్తువులను సపోర్ట్ సాధారణంగా తిరిగి ఇవ్వదు, కౌంటర్-స్ట్రైక్ 2 వస్తువుల ట్రేడ్‌లను మాత్రం ఏడు రోజుల్లోపు మీరే వెనక్కి తిప్పుకోవచ్చు.