మిద్దె తోటకు టైమర్ డ్రిప్: ట్యాంకు ఒత్తిడికి తగిన డ్రిప్పర్ల ఎంపిక

నమస్కారం. ఈ వీడియోలో ఇరవై గ్రో బ్యాగులకు ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి డ్రిప్ అమర్చుకుందాం. మోటారు అవసరం లేదు.

ముందుగా ట్యాంకు కుళాయికి ఫిల్టర్, దాని తరువాత టైమర్, ఆ తరువాత పదహారు ఎం.ఎం. నల్ల పైపు, ఈ వరుసలోనే బిగించాలి. బ్యాగుల పక్కనుంచి పైపు పరచి, చివర ఎండ్ క్యాప్ పెట్టండి. పంచ్‌తో రంధ్రం చేసి, సన్న గొట్టం గుచ్చి, కొసన డ్రిప్పర్ తగిలించండి. తెరపై చూస్తున్నారు కదా, ఇంతే. గొట్టం కొస ఎక్కకపోతే వేడినీళ్లలో ఒక్క క్షణం ముంచండి. నాకు పైపు జిగురుకన్నా ఇదే నచ్చుతుంది.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే అన్నీ సరిగ్గా బిగించినా నీళ్లు రాకపోవడానికి కారణం ఇక్కడే ఉంటుంది. ట్యాంకులోని నీటి మట్టం డ్రిప్పర్లకన్నా ఒక మీటరు ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి దాదాపు 0.1 బార్ మాత్రమే. మన ట్యాంకు మట్టం మీటరున్నర ఎత్తున ఉంది కనుక 0.15 బార్ వస్తుంది. ఒత్తిడి మారినా ఒకే మోతాదులో నీళ్లిచ్చే ప్రెజర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు సాధారణంగా అర బార్, ఆపైన ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి కాబట్టి, ఖరీదైనవైనా ఇక్కడ వాటిని కొనకండి. టైమర్ విషయమూ అంతే: సోలనాయిడ్ వాల్వు రకాలలో చాలావాటికి తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి కావాలి, బాల్ వాల్వు రకం మాత్రం ఒత్తిడి లేకున్నా తిరుగుతుంది. పెట్టె మీద కనీస ఒత్తిడి ఎంత అని రాసి ఉందో చూసి, సున్నా అని ఉన్నదే తీసుకోండి.

డ్రిప్పర్ మీద గంటకు నాలుగు లీటర్లు అని ఉంటుంది, కానీ అది ఒక బార్ దగ్గర లెక్క. మన ఒత్తిడికి అది సుమారు లీటరున్నరకు పడిపోతుంది. అందుకే గ్లాసు పెట్టి పది నిమిషాలు కొలవండి. ఇదిగో, పావు లీటరు వచ్చింది. ఈ టమాటా బ్యాగుకు రోజుకు లీటరు కావాలనుకుంటే, ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు పెడితే సరిపోతుంది. ట్యాంకు సగం ఖాళీ అయినప్పుడు మరోసారి కొలవండి, తేడా కనిపిస్తుంది.

ఇక మూసుకుపోవడం. బోరు నీళ్లలోని సున్నం డ్రిప్పర్ నోటి దగ్గర తెల్లటి పొరగా పేరుకుంటుంది, కాబట్టి విప్పి కడుక్కోగలిగే రకమే కొనండి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే అది కరిగిపోతుంది. అన్ని డ్రిప్పర్లూ ఒకేసారి నెమ్మదిస్తే ఫిల్టర్ జాలీ కడగండి, ఒక్కటే ఆగితే ఆ ఒక్కదాన్ని విప్పండి, చివరివి మాత్రమే తగ్గితే ఎండ్ క్యాప్ తీసి నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి. జీవామృతాన్ని ఎంత వడకట్టినా ఈ పైపులోకి పంపకండి, మగ్గుతో నేరుగా బ్యాగులో పోయండి.